అర కిలో కేక్‌కి కిలో రేటులో సగం తీసుకోవద్దు

«బరంపురంలో ఇంట్లో కేకులు చేస్తున్నాను. కిలో 450. అర కిలో ఆర్డర్లు పెరిగాక చేతిలో ఏమీ మిగలట్లేదండీ.»

అర కిలోకి 225 తీసుకోవడమే కారణమండీ. సగమయ్యేది సరుకులు మాత్రమే.

1. కిలో వెనిల్లా క్రీమ్ కేక్: సరుకులు 240, గ్యాస్ 10, డబ్బా, అట్ట 40, మీ రెండు గంటలు గంటకు 60 చొప్పున 120. మొత్తం 410.

2. అర కిలో: సరుకులు 120, గ్యాస్ 8, డబ్బా, అట్ట 30, గంటన్నర పని 90. మొత్తం 248. అంటే ప్రతి కేక్‌కీ 23 రూపాయలు మీ చేతి నుంచే పెట్టుకుంటున్నారు.

అందరూ వదిలేసేది టైమే. కేక్ ఓవెన్‌లో ఉన్నంతసేపు వేరే పని చేసుకుంటారు కాబట్టి అది లెక్కలోకి రాదు. కానీ క్రీమ్ గిలక్కొట్టడం, పేరు రాయడం, జిడ్డు గిన్నెలు తోమడం రాయాల్సిందే. ఒడియాలో పేరు రాయమంటే ఆ గుండ్రటి అక్షరాలకే నాకు ఇరవై నిమిషాలు పడుతుంది. ఒక వారం పొయ్యి పక్కన కాగితం పెట్టి నిమిషాలు రాయండి.

3. 248కి పదో వంతు కలిపితే దాదాపు 273. అర కిలో 275 చెప్పండి. కిలో 450 అలాగే ఉంచండి.

తూకం క్రీమ్‌తో సహా వేయండి, అట్ట బరువు తీసేసి.