రామప్ప గుడిలో డ్రోన్, గర్భాలయ చిత్రీకరణ: సమాధానం

ప్రశ్న: "డ్రోన్ల గగనతల మ్యాప్‌లో గుడి ఉన్న పాలంపేటను గ్రీన్ జోన్ అనే చూపించింది. అయినా రామప్ప గుడి దగ్గర డ్రోన్ ఎగరనివ్వలేదు, గర్భాలయంలో వీడియో వద్దన్నారు. ఏం చేయాలి?"

గ్రీన్ జోన్ గగనతలానికి సంబంధించినది మాత్రమే. అక్కడ 400 అడుగుల ఎత్తు వరకు ఎగరడానికి విమానయాన శాఖ ముందస్తు అనుమతి అవసరం లేదని దాని అర్థం. రామప్ప కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం కాబట్టి, కింద ఉన్న గుడికి ఆ శాఖ అనుమతి విడిగా కావాలి. చాలామంది వదిలేసేది ఈ మెట్టునే. డ్రోన్ 250 గ్రాముల లోపు ఉన్నా ఇది తప్పదు.

1. పురావస్తు శాఖ హైదరాబాద్ సర్కిల్ కార్యాలయానికి ముందుగా రాయండి. తేదీ, డ్రోన్ బరువు, ఎగరే ఎత్తు, వీడియో ఉద్దేశం స్పష్టంగా తెలపండి. ట్రైపాడ్ వాడదలిస్తే అదీ ఇందులోనే అడగండి.

2. అనుమతి రాతపూర్వకంగా వచ్చాక, స్థానిక పోలీసులకు దాని ప్రతిని ఇవ్వండి. కాపలాదారు నోటిమాట చాలదు.

3. గర్భాలయంలో పూజ జరుగుతోంది కనుక, అక్కడ అర్చకుల అభ్యంతరాన్ని దాటే దారి వెతకవద్దు. నిజానికి మీ వీడియోకు అది లోటు కాదు: చూరు కింద నిలిచిన మదనికలనే స్త్రీ శిల్పాలు, గర్భాలయంపై తేలికైన ఇటుకలతో కట్టిన విమాన గోపురం బయటి నుంచే కనిపిస్తాయి, వాటిని చేతి కెమెరాతో, దూరపు లెన్స్‌తో తీయవచ్చు.

4. డ్రోన్ అనుమతి రాకపోతే పైనుంచి తీసే దృశ్యాన్ని వదులుకోండి.