ఉద్యోగాల వెతుకులాటలో AND, OR, NOT: జల్లెడ కన్నాలు ఎంత ఉండాలి?

ప్రశ్న: అన్నయ్యా, మావారి ఉద్యోగం వల్ల ఈ మధ్యే విదేశానికి వచ్చాను. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో అనుభవం ఉంది. లింక్డ్ఇన్‌లో నాణ్యత చూసే పనికి వాడే క్యూఏ అన్న మాటతో వెతికితే మందుల కంపెనీలు, ఫ్యాక్టరీల ఉద్యోగాలు కుప్పలుగా వస్తున్నాయి. కాస్త తెలివిగా వెతుకుదామని, ఫలానా మాట ఉన్న ప్రకటనలు వద్దని చెప్పే NOT వాడితే జాబితా బాగా చిన్నదైంది, కానీ అందులోనూ నాకు సరిపోయేవి కనబడడం లేదు. పైగా నాకు వీసా స్పాన్సర్ చేసే కంపెనీ కావాలి. ఎలా వెతకాలి?

జవాబు: అమ్మా, జాబితా చిన్నదైనా మీకు పనికొచ్చేవి కనబడలేదన్నారు చూడండి, అసలు సంగతి అక్కడే ఉంది. పనికిరానివి తీసేయబోయి పనికొచ్చేవీ తీసేశారు. కొత్తగా వచ్చినవారిలో చాలామంది ఇలాగే చేస్తారు. తీసేసినవి కంటికి కనబడవు కాబట్టి ఏం పోయిందో కూడా తెలియదు.

ముందు మీ వెతుకులాట మొదటినుంచి కడదాం. ఒకే పనికి కంపెనీలు రకరకాల పేర్లు పెడతాయి. ఒకరు క్యూఏ ఇంజనీర్ అంటారు, ఇంకొకరు క్యూఏ అనలిస్ట్ అంటారు, మరొకరు టెస్ట్ ఇంజనీర్ అనో ఎస్‌డీఈటీ అనో అంటారు. ఇవన్నీ ఒకేసారి రావాలంటే మధ్యలో OR పెట్టాలి. రెండు మూడు మాటల పేరును జంట కొటేషన్లలో పెడితే ఆ మాటలు అదే వరుసలో ఉన్న ప్రకటనలే వస్తాయి. కొటేషన్లు లేకపోతే ఎక్కడో టెస్ట్ అని, ఇంకెక్కడో ఇంజనీర్ అని ఉన్న ప్రకటన కూడా వచ్చేస్తుంది.

```
"QA engineer" OR "QA analyst" OR "test engineer" OR SDET
```

ఇది కొట్టగానే జాబితా పెరుగుతుంది. భయపడకండి, పెరగాలి కూడా. ఫ్యాక్టరీలో యంత్రాలను పరీక్షించే టెస్ట్ ఇంజనీర్లు, మందుల నాణ్యత చూసే క్యూఏ అనలిస్టులు అందులో కలిసిపోయి ఉంటారు. ఇక్కడే మీరు NOT వైపు వెళ్లారనుకుంటాను. ఫార్మా వద్దు, మాన్యుఫాక్చరింగ్ వద్దు అని రాసి ఉంటారు. కానీ ఆసుపత్రులకో మందుల కంపెనీలకో సాఫ్ట్‌వేర్ తయారుచేసే సంస్థ ప్రకటనలో కూడా ఫార్మా అన్న మాట ఉండవచ్చు. అది మీకు అచ్చంగా సరిపోయే ఉద్యోగం కావచ్చు. మీ NOT దాన్ని కూడా గెంటేసి ఉంటుంది.

వద్దనుకున్నవాటిని తరిమే బదులు, మీ పనిలో తప్ప మరెక్కడా పెద్దగా కనబడని మాటలు కావాలని అడగండి. మందుల నాణ్యత చూసే ఉద్యోగ ప్రకటనలో సెలీనియం అన్న టెస్టింగ్ పరికరం పేరు రావడం చాలా అరుదు. ప్లేరైట్, సైప్రెస్ కూడా అంతే. రెండు షరతులూ కలిసి ఉండాలని చెప్పేది AND. కాబట్టి ఇలా రాయండి:

```
("QA engineer" OR "QA analyst" OR "test engineer" OR SDET) AND (Selenium OR Playwright OR Cypress)
```

ఇందులో ఒక్క NOT కూడా లేదు. అయినా ఫ్యాక్టరీలూ మందుల కంపెనీలూ చాలావరకు వాటంతటవే తప్పుకుంటాయి. దీనికీ ఒక పరిమితి ఉంది. చేత్తో చేసే మాన్యువల్ టెస్టింగ్ ఉద్యోగాల్లో ఈ పరికరాల పేర్లు ఉండకపోవచ్చు. మీకు అవీ కావాలంటే రెండో కుండలీకరణంలో ఆ పనికి చెందిన మాటలు పెట్టి వేరే వెతుకులాటగా నడపండి. అన్నీ ఒకే వాక్యంలో కుక్కితే తప్పు ఎక్కడుందో పట్టుకోలేరు.

ఆ కుండలీకరణాలు అలంకారానికి పెట్టినవి కావు. లింక్డ్ఇన్ ముందుగా కొటేషన్లను, తర్వాత కుండలీకరణాలను, ఆ తర్వాత NOT, AND, OR లను ఆ వరుసలో చూస్తుంది. అంటే OR వంతు అందరికంటే చివర వస్తుంది. కుండలీకరణాలు తీసేసి ఇలా రాశారనుకోండి:

```
"QA analyst" OR SDET AND Selenium
```

మీ మనసులో ఉన్నది, ఈ రెండు పేర్లలో ఏదున్నా సరే, సెలీనియం మాత్రం ఉండాలని. సైటుకు అర్థమయ్యేది వేరు. సెలీనియం షరతు ఎస్‌డీఈటీకి మాత్రమే అంటుకుంటుంది, క్యూఏ అనలిస్ట్ అని ఉన్న ప్రకటనలన్నీ ఏ షరతూ లేకుండా లోపలికి వస్తాయి. మందుల కంపెనీలు మళ్లీ ప్రత్యక్షం! OR తో కలిపిన ప్రతి గుంపు చుట్టూ కుండలీకరణాలు పెట్టడం అలవాటు చేసుకోండి.

ఈ మూడు మాటలూ పెద్ద అక్షరాల్లోనే ఉండాలి. చిన్న అక్షరాల్లో రాస్తే వాటిని మామూలు మాటలుగా తీసుకునే ప్రమాదం ఉంది. నక్షత్రం గుర్తు పెట్టి మాటను సగంలో వదిలేస్తే మిగతా రూపాలు అదే పట్టుకుంటుందనుకోవద్దు, లింక్డ్ఇన్‌లో ఆ సౌకర్యం లేదు. టెస్టర్, టెస్టింగ్ రెండూ కావాలంటే రెండూ రాసి మధ్యలో OR పెట్టాల్సిందే. కూడిక, తీసివేత గుర్తులను కూడా నమ్ముకోకండి. అవి వేరే వెతుకు సైట్ల అలవాట్లు.

కొటేషన్ల విషయంలో కంటికి కనబడని చిక్కు ఒకటి ఉంది. సైటు గుర్తించేది నిటారుగా ఉండే జంట కొటేషన్లనే. ఫోను కీబోర్డులు, వర్డ్ లాంటి సాఫ్ట్‌వేర్లు వాటిని అందంగా వంపు తిప్పేస్తాయి. స్నేహితులు వాట్సాప్‌లో పంపిన వెతుకు వాక్యాన్ని అలాగే తెచ్చి అతికిస్తే వంపు కొటేషన్లు వచ్చి పడవచ్చు, అప్పుడు కొటేషన్లు పెట్టినా పెట్టనట్టే. మీ వాక్యాలను నోట్‌ప్యాడ్ లాంటి సాదా ఫైలులో దాచుకుని అక్కడినుంచే అతికించండి.

రాసింది పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి ఫలితాల సంఖ్యే మీకు సాక్షి. వాక్యాన్ని ఒక్కో ముక్కగా పెంచుతూ ప్రతిసారీ ఆ అంకె చూడండి. OR తో ఒక పేరు చేర్చినప్పుడు అంకె తగ్గకూడదు. AND తో గానీ NOT తో గానీ ఒక షరతు చేర్చినప్పుడు పెరగకూడదు. OR చేర్చాక అంకె తగ్గిందంటే దాన్ని చిన్న అక్షరాల్లో రాశారేమో చూడండి. కొటేషన్లు పెట్టినా తీసినా అంకె కదలకపోతే అవి వంపు కొటేషన్లని అనుమానించండి. సైటు ఇచ్చేది ఉజ్జాయింపు అంకె కాబట్టి అటూఇటూ కొద్దిగా కదిలితే పట్టించుకోవద్దు. ఇంకో మాట. కొందరి ఖాతాల్లో, కావలసిన ఉద్యోగాన్ని మామూలు వాక్యంలో వర్ణించమనే కొత్త రకం వెతుకు పెట్టె కనబడుతుంది. అక్కడ ఈ నియమాలు ఇంత కచ్చితంగా నడుస్తాయని అనుకోవద్దు. నడుస్తున్నాయో లేదో ఈ అంకెల పరీక్షే చెబుతుంది.

ఇప్పుడు NOT సంగతి. దాన్ని పూర్తిగా మానేయమని నేను అనను. అయితే అది ఉద్యోగం పేరును ఒక్కదాన్నే చూసి ఊరుకోదు, ప్రకటన వివరణలోని మాటలకూ తగులుతుంది. మేనేజర్ ఉద్యోగాలు వద్దని NOT manager రాస్తే, మీరు క్యూఏ మేనేజర్ కింద పనిచేయాలని వివరణలో రాసిన మామూలు టెస్టర్ ఉద్యోగమూ పోతుంది. సీనియర్ అన్న మాటతోనూ ఇదే గొడవ. హోదాను తగ్గించుకోవడానికి అనుభవ స్థాయి ఫిల్టర్ ఉంది, ఊరికి, ప్రకటన తేదీకి కూడా ఫిల్టర్లు ఉన్నాయి. ఆ పని వాటికే వదిలేయండి.

NOT ఎక్కడ వాడాలంటే, మీకు పనికిరాని ప్రకటనల్లో మాత్రమే కనబడే పదబంధం దొరికినప్పుడు. రక్షణ రంగ ఉద్యోగాల్లో చాలావాటికి ప్రభుత్వ భద్రతా అనుమతి అడుగుతారు. ఆ అనుమతి సాధారణంగా ఆ దేశ పౌరులకే దొరుకుతుంది. కాబట్టి NOT "security clearance" అని రాయడం మీకు దాదాపు నిరపాయం. అయినా సరే, ఏ NOT పెట్టినా ఖాయం చేసుకునే ముందు ఒక పని చేయండి. ఆ NOT ను తాత్కాలికంగా AND గా మార్చి వెతకండి. అప్పుడు వచ్చేవన్నీ మీరు పారేయబోతున్న ప్రకటనలే. మొదటి పేజీలోని వాటిని తెరిచి చదవండి. అందులో దరఖాస్తు చేయాలనిపించేవి ఒకటి రెండు దొరికినా ఆ NOT మీకు పనికిరాదు. ఈ ఒక్క పరీక్ష చేసి ఉంటే ఫార్మా విషయంలో పొరపాటు అప్పుడే బయటపడేది.

వీసా స్పాన్సర్‌షిప్ దగ్గర ఈ పరీక్ష మరీ అవసరం. NOT sponsorship అని రాస్తే, స్పాన్సర్ చేస్తామని సంతోషంగా చెప్పిన కంపెనీలే ముందు పోతాయి. పోనీ కావాలని AND "visa sponsorship" అని రాస్తే, వీసా స్పాన్సర్‌షిప్ ఇవ్వము అని రాసినవీ దర్జాగా వచ్చి కూర్చుంటాయి. ఆ మాటలు వాటిలోనూ ఉన్నాయి కదా! ఇక వీసా ఊసే ఎత్తని ప్రకటనలన్నీ మాయమవుతాయి, అలాంటివే బోలెడన్ని ఉంటాయి. నిరాకరించేటప్పుడు మాత్రమే రాసే పదబంధాలను పట్టుకోవడం కాస్త మేలు:

```
NOT ("without sponsorship" OR "unable to sponsor" OR "cannot sponsor")
```

దీన్ని పైన కట్టిన వాక్యం చివర చేర్చండి. నిరాకరణను వేరే మాటల్లో రాసినవి ఇంకా కొన్ని మిగులుతాయి. చదువుతున్నప్పుడు అలాంటి పదబంధం ఎదురైతే AND పరీక్ష చేసి, నెగ్గితే ఈ కుండలీకరణంలో కలుపుకుంటూ పోండి. స్పాన్సర్‌షిప్ సంగతిని ప్రకటనలో కాకుండా దరఖాస్తు ఫారంలోనే అడిగే కంపెనీలు ఉన్నాయి, వాటిని ఏ వాక్యమూ ముందుగా పట్టలేదు. ఆ ప్రశ్నకు ఉన్నది ఉన్నట్టే జవాబివ్వండి.

మధ్యమధ్య మీ వాక్యానికి సంబంధం లేని ప్రకటన కనబడితే, దాని మీద ప్రమోటెడ్ అని ఉందేమో చూడండి. కంపెనీలు డబ్బు కట్టి ముందుకు తెచ్చుకున్నవి అవి. వాటిని చూసి మీ వాక్యం తప్పని తేల్చేయకండి.

వాక్యం కుదిరాక, అదే వెతుకులాట మీద జాబ్ అలర్ట్ పెట్టుకోండి. మాన్యువల్ టెస్టింగ్ వాక్యానికి విడిగా ఇంకొకటి పెట్టండి. తర్వాత ఎప్పుడైనా వాక్యాన్ని మారిస్తే కొత్త అలర్ట్ పెట్టి పాతదాన్ని తీసేయండి, లేకపోతే పాత వాక్యం ఫలితాలే మెయిల్‌కు వస్తూ ఉంటాయి.