ఫోన్లకు అందే వైఫై టీవీ స్టిక్‌కు అందడం లేదా?

ప్రశ్న: కొత్త ఫైబర్ కనెక్షన్ తీసుకున్నాం. ఫోన్లన్నిటికీ వైఫై వస్తోంది, టీవీ స్టిక్ మాత్రం కనెక్ట్ కావడం లేదు. ఒక్కోసారి మా వైఫై పేరే కనిపించదు. కనిపించినప్పుడు పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా ఆగిపోతుంది. స్టిక్‌ను టీవీ వెనుక ఉన్న యూఎస్‌బీకే పెట్టాం. నిన్నటి నుంచి రిమోట్ కూడా పలకడం లేదు. కొత్తది కొనాలా?
- ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: తొందరపడి కొనకండి. ముందు స్టిక్‌ను ఆ యూఎస్‌బీ నుంచి తీసేయండి. చాలా టీవీల యూఎస్‌బీ పోర్టు ఇచ్చేది 0.5 ఆంపియర్లే. స్టిక్‌తో వచ్చే అడాప్టర్ సాధారణంగా 5 వోల్టుల వద్ద 1 ఆంపియర్ ఇస్తుంది. బొమ్మ చూపడానికి ఆ కాస్త కరెంటు సరిపోవచ్చు కానీ, వైఫై సిగ్నల్ పంపే క్షణంలో స్టిక్ ఎక్కువ లాగుతుంది. అక్కడే ఆగిపోవడమో, లోగో చూపి మళ్లీ మొదలవడమో జరుగుతుంది. కాబట్టి డబ్బాలో వచ్చిన అడాప్టర్, వైరు తీసి గోడ సాకెట్‌కు పెట్టండి. పొడుగాటి సన్న వైరు వాడితే మళ్లీ అదే తంటా.

ఇక రిమోట్. సెల్స్ మార్చి, స్టిక్ పూర్తిగా ఆన్ అయ్యాక దగ్గర నిలబడి జత చేయండి. ఫైర్ టీవీ స్టిక్‌లకైతే హోమ్ బటన్‌ను 10 సెకన్లు నొక్కి ఉంచాలి. ఫోనులోని రిమోట్ యాప్ ఇక్కడ ఆదుకోదు. ఫోను, స్టిక్ ఒకే వైఫైలో ఉంటేనే అది పని చేస్తుంది, మన చిక్కే అది. టీవీ సెట్టింగులలో హెచ్‌డీఎంఐ సీఈసీ ఆన్ చేసి చూడండి. చాలా టీవీలలో టీవీ రిమోట్ బాణాలతోనే స్టిక్ మెనూలో తిరగవచ్చు. ఈ సదుపాయం ఉందని చాలామందికి తెలియదు.

ఇంతా చేశాక కూడా వైఫై పేరు కనిపించకపోతే అనుమానించాల్సింది బ్యాండ్‌ను, అంటే వైఫై నడిచే తరంగాల శ్రేణిని. చౌక స్టిక్‌లలో కొన్ని 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టుకుంటాయి. 5 గిగాహెర్ట్జ్ తెలిసిన వాటికీ 52 నుంచి 144 వరకు ఉన్న వైఫై చానళ్లు కొన్నిసార్లు కనపడవు. రూటర్ ‘ఆటో’లో ఉంటే తనంతట తానే ఆ చానళ్లకు వెళ్లగలదు, ఒక్కోసారి కనిపించి ఒక్కోసారి మాయమవడం వెనుక ఇదీ ఉండవచ్చు. రూటర్ సెట్టింగుల పేజీలో 5 గిగాహెర్ట్జ్ చానల్‌ను 36కు మార్చి, 2.4కు వేరే పేరు పెట్టి, స్టిక్‌ను దానికే కలపండి. మీది మందపాటి రాతి గోడల పాత ఇల్లయి, రూటర్ ముందుగదిలో ఉంటే 2.4 మరీ మేలు. గోడలను దాటడంలో 5 వెనకబడుతుంది. పేరు కనిపించి, పాస్‌వర్డ్ దగ్గరే ఆగితే భద్రత సెట్టింగు డబ్ల్యూపీఏ3 ఒక్కటే ఉందేమో చూసి, డబ్ల్యూపీఏ2కు మార్చండి.

తప్పు ఎవరిదో తేలకపోతే ఫోను హాట్‌స్పాట్‌ను 2.4లో పెట్టి స్టిక్‌ను కలపండి. కలిస్తే రూటర్ సెట్టింగే కారణం. అడాప్టర్‌తో ఉన్నా, ఫోను పక్కనే ఉన్నా కలవకపోతే స్టిక్‌కే లోపం. వారంటీ కాగితం వెతకండి.