పుర్రె పోయినా ఛాతీ బొమ్మ పోలేదు

ప్రశ్న: మా అమ్మాయి జర్మనీలో ఎమ్మెస్ చేస్తోంది. ల్యాబ్‌లో సీసాల ఫోటోలు పంపింది. ఎర్ర గళ్ళలో పుర్రె, మనిషి ఛాతీ, చేతి మీద పడే చుక్కలు ఉన్నాయి. వీటి అర్థం ఏమిటి? పుర్రె లేని సీసా అయితే భయం లేనట్టేనా?

కాదండీ. పుర్రె లేదని ధీమాగా ఉండడం మన గోదావరి జిల్లాల్లో బాగా పాతుకుపోయింది. నన్నడిగితే ఆ బొమ్మల్లో ముందు చూడాల్సింది ఛాతీ మీద నక్షత్రంలా పగిలిన గుర్తున్న మనిషి బొమ్మని.

మాది భీమవరం దగ్గర. రొయ్యల హేచరీ ల్యాబ్‌లో చాలా ఏళ్ళు పనిచేశాను, ఫార్మాల్డిహైడ్ అనే వాయువు నీళ్ళలో కరిగిన ఫార్మాలిన్‌తో రోజూ పనుండేది. మా మేనల్లుడు కూడా జర్మనీలోనే ఉన్నాడు. సంక్రాంతికి రాలేక, మాటల మధ్యలో వాళ్ళ ల్యాబ్‌లో రెండు ఫార్మాలిన్ సీసాల ఫోటోలు పంపాడు. ఒకటి 37 శాతం ద్రావణం, రెండోది కణజాలం నిల్వ చేసుకోవడానికి వాడే 4 శాతం ద్రావణం. అప్పుడు పక్కన మా బాబాయ్ గారు ఉన్నారు. ఆయనకి రొయ్యల చెరువులున్నాయి.

మొదటి సీసా మీద మూడు బొమ్మలు: పుర్రె, చేతినీ లోహాన్నీ తినేసే చుక్కలు, ఛాతీ మనిషి. కింద జర్మన్‌లో పెద్దగా 'గెఫార్' అని ఉంది, అంటే ప్రమాదం. ఆ కింది వాక్యాలు ఇలా ఉన్నాయి: మింగినా, చర్మానికి తగిలినా, పీల్చినా విషం. చర్మాన్ని కాలుస్తుంది, కళ్ళని తీవ్రంగా దెబ్బతీస్తుంది. చర్మానికి అలర్జీ తెప్పించవచ్చు. జన్యు లోపాలు కలిగిస్తుందన్న అనుమానం ఉంది. క్యాన్సర్ కలిగించవచ్చు.

రెండో సీసా మీద పుర్రె లేదు, చుక్కలు లేవు. ఆశ్చర్యార్థకం గుర్తు, ఛాతీ మనిషి మాత్రమే ఉన్నాయి. బాబాయ్ గారు ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూసి, "ఒరేయ్, నీళ్ళు కలిపితే విషం పోయిందిరా. ఇది పర్లేదు" అన్నారు.

ఆయన అలా ఎందుకన్నారో నాకు అర్థమైంది. మన పురుగుమందు డబ్బాల మీద త్రికోణం రంగుని బట్టి ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ వరసలో విషం తగ్గుతుంది. పుర్రె ఎరుపులోనే ఉంటుంది. ఆ రంగు చెప్పేది ఒకేసారి ఒంట్లోకి పోతే ఎంత మోతాదుకి ప్రాణం మీదకొస్తుందనే. ఏళ్ళ తరబడి పీలిస్తే ఏమవుతుందో ఆ రంగు చెప్పదు. జర్మనీ సీసా మీద పుర్రె కూడా ఇవాళ్టి సంగతే చెబుతుంది. రేపటి సంగతి చెప్పేది ఛాతీ మనిషి. నీళ్ళు కలిపితే కాల్చే గుణం, అప్పటికప్పుడు ప్రాణం తీసే గుణం తగ్గుతాయి, అందుకే ఆ రెండు బొమ్మలు పోయాయి. క్యాన్సర్ హెచ్చరిక మాత్రం యూరప్ లెక్కలో ఫార్మాల్డిహైడ్ 0.1 శాతం ఉన్నా పెట్టాల్సిందే. 4 శాతం అంటే దానికి నలభై రెట్లు.

ఆశ్చర్యార్థకం కొత్తగా వచ్చిందనుకోకండి. పుర్రె ఉంటే ఆశ్చర్యార్థకం వేయకూడదని అక్కడి నియమం. ఆ గుర్తు చెప్పే అలర్జీ మాట మొదటి సీసా వాక్యాల్లోనే ఉంది, పుర్రె పోగానే బొమ్మ బయటపడింది. ఈ అలర్జీ ఒకసారి పట్టుకుంటే తర్వాత కొంచెం తగిలినా చేతులు దురదపెట్టి పొక్కులొస్తాయి. మా హేచరీలో ఒక కుర్రాడు గ్లౌజులు లేకుండా ఫార్మాలిన్ కొలిచేవాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే మేస్త్రి "అలవాటైపోతుందిలే" అనేవాడు. అలవాటయ్యేది ముక్కుకి మాత్రమే, కాసేపటికి వాసన తెలియడం తగ్గుతుంది. వాసన రావట్లేదు కాబట్టి గాలిలో లేదనుకోవడానికి లేదు.

ఇంకో బాధ చెప్పాలి. మన దగ్గర పెద్ద క్యాన్‌లోంచి తాగునీళ్ళ సీసాల్లోకి వంచి, చీటీ కూడా అంటించకుండా ఇచ్చే కొట్లున్నాయి. ఫార్మాలిన్ చూడ్డానికి అచ్చం నీళ్ళే. చెరువు గట్టు మీద ఎండలో దాహమేసినవాడు ఆ సీసా మూత తీస్తే ఎవరు జవాబు చెబుతారు? చీటీ లేని సీసా తీసుకోకండి. వాడేటప్పుడు గాలికి వీపు పెట్టి నిలబడండి, నైట్రైల్ గ్లౌజులు, కళ్ళకి మూసుకునే అద్దాలు పెట్టుకోండి. కంట్లో పడితే కనీసం పావుగంట ధారగా నీళ్ళతో కడిగి అప్పుడు ఆసుపత్రికి వెళ్ళండి.

మీ అమ్మాయి ల్యాబ్‌లో అయితే గాలిని బయటికి లాగేసే గూడులోనే ఆ సీసా తెరుస్తారు, టెన్షన్ పడకండి. ఈసారి బొమ్మలతో పాటు కింది చిన్న అక్షరాలు కూడా తీయమనండి, ఫోటోని వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపమనండి, లేకపోతే అక్షరాలు అలికేసినట్టు వస్తాయి. కొన్ని సీసాల మీద వాక్యం పక్కన H350 లాంటి నంబర్లు కూడా ఉంటాయి. భాష ఏదైనా ఆ నంబరు మారదు: H350 అంటే క్యాన్సర్ కలిగించవచ్చు, H317 అంటే చర్మానికి అలర్జీ, H314 అంటే చర్మాన్ని కాలుస్తుంది. ఛాతీ మనిషి కనబడితే ఆ నంబరు తప్పకుండా చూడండి. ఎందుకంటే హెక్సేన్ అనే ద్రావకం సీసా మీద కూడా అదే బొమ్మ ఉంటుంది. అక్కడ H304 అంటే మింగితే ఊపిరితిత్తుల్లోకి పోయి చంపగలదని.