ఫ్రీజ్ ఉచితమైతే నెల ఫీజు ఎవరు కడతారు?

ప్రశ్న: త్వరలో చిన్న ఫిట్‌నెస్ స్టూడియో తెరవబోతున్నాను. అద్దె, జీతాలు, కరెంటు, పరికరాల వాయిదా కలిపి నెలకు 90,000 ఖర్చు. 100 మంది సభ్యులు వస్తారని అంచనా. నెల ఫీజు 1,000, ప్రవేశ రుసుము 1,500 అనుకుంటున్నాను. మూడు నెలల వరకు సభ్యత్వం ఫ్రీజ్ చేసుకోవడం, అంటే తాత్కాలికంగా ఆపుకోవడం, ఉచితమని ప్రకటిస్తే ఎక్కువ మంది చేరతారని మా ట్రైనర్ అంటున్నారు. ఈ లెక్క సరిపోతుందా?

జవాబు: సరిపోదండీ. లెక్క తప్పింది నెల ఫీజు దగ్గరే. 100 మంది సభ్యులంటే 100 మంది ఫీజు కట్టేవాళ్లని మీరు అనుకున్నారు. ఆ రెండు సంఖ్యలు ఎక్కడా ఒకటి కావు.

మీ స్టూడియో తెరిచి ఏడాది అయిందనుకుందాం. రిజిస్టరులో 100 పేర్లున్నాయి. అందులో 8 మంది ఫ్రీజ్‌లో ఉన్నారు: ఒకరికి మోకాలి నొప్పి, ఒకరికి పరీక్షలు, ఇద్దరు ప్రయాణంలో. మరో ముగ్గురి బ్యాంకు ఖాతాలో డబ్బు లేక ఆ నెల వాయిదా వెనక్కి వచ్చింది. మిగిలింది 89 మంది, వచ్చింది 89,000. ఖర్చు 90,000. హాలు కళకళలాడుతూనే ఉంటుంది, మీకు మాత్రం నెలకు వెయ్యి నష్టం. ఇలాంటి స్టూడియో నడిపే ఒకాయన గోడకు బోర్డు పెట్టి, రోజూ ఉదయం సభ్యుల సంఖ్యను సుద్దముక్కతో రాసేవారు. ఆయన కంప్యూటర్ ఫ్రీజ్‌లో ఉన్నవారిని కూడా ‘చురుకైన సభ్యులు’ కిందే లెక్కించేది. బోర్డు మీది అంకె పెరుగుతున్న నెలల్లోనే ఆయన అద్దె బాకీ పడ్డారు.

ఈ నష్టం మొదట్లో మీకు కనిపించదు. తెరిచిన నెలలో 60 మంది చేరితే ప్రవేశ రుసుముల రూపంలోనే 90,000 వస్తుంది. అంటే సరిగ్గా ఒక నెల ఖర్చు. వ్యాపారం అద్భుతంగా ఉందనిపిస్తుంది. ఆ తర్వాత నెలకు ఆరుగురు మానేసి, ఆరుగురు కొత్తవారు చేరే స్థితి వస్తుంది. అప్పుడు ప్రవేశ రుసుముల మీద వచ్చేది 9,000. ఒక్కో కొత్త సభ్యుడి కోసం మొదటి రెండు రోజులు ట్రైనర్ విడిగా సమయం ఇవ్వాలి, కార్డు ఇవ్వాలి, ప్రచారం చెయ్యాలి. అవన్నీ కలిపి తలకు 1,100 అయితే, చివరికి చేతిలో మిగిలేది నెలకు 2,400.

అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఎఫ్ఆర్ఎస్ 15, 2018 నుంచి అమల్లో ఉంది. తిరిగి ఇవ్వని ముందస్తు రుసుములకు ఉదాహరణగా అందులో హెల్త్ క్లబ్ ప్రవేశ రుసుమునే పేర్కొన్నారు. చేరే పని పూర్తిచేయడం వల్ల సభ్యుడికి విడిగా ఏ సేవా అందదు కాబట్టి, సాధారణంగా ఆ డబ్బు రాబోయే సేవకు ముందుగా కట్టినట్టే. సేవ అందించేకొద్దీ దాన్ని ఆదాయంగా చూపాలి. చిన్న స్టూడియో ఆ ప్రమాణాన్ని పాటించాల్సిన అవసరం ఉన్నా లేకపోయినా, మీ సొంత లెక్కల పుస్తకంలో అలాగే రాయండి. నెలకు నూటికి ఆరుగురు మానేస్తుంటే ఒక సభ్యుడు సగటున దాదాపు 17 నెలలు ఉంటాడు. 1,500ను పదిహేడుతో భాగిస్తే నెలకు 90 కూడా రాదు. మొదటి నెల పండగ వెనక ఉన్న అసలు ఆదాయం అంతే.

కాబట్టి ఖర్చుల భారం మొత్తం నెల ఫీజే మోయాలి, అదీ 89 మందితో. ఖర్చు 90,000, మీకు కనీసం 9,000 మిగలాలనుకుంటే 99,000 కావాలి. ఫ్రీజ్‌కు నెలకు 150 తీసుకుంటే 8 మంది నుంచి 1,200 వస్తుంది. మిగిలిన 97,800ను 89తో భాగిస్తే దాదాపు 1,099. నెల ఫీజు 1,100 పెట్టండి.

ఫ్రీజ్‌కు డబ్బు ఎందుకు తీసుకోవాలి? దానివల్ల వచ్చే 1,200 కోసం కాదు. ఫ్రీజ్ అడిగే పది మందిని తీసుకోండి. రెండు నెలలు ఆపితే ఒక్కొక్కరి మీద 2,200 పోతుంది, 300 వస్తుంది. పది మందికి నష్టం 19,000. వారిలో ఇద్దరు తిరిగి రారనుకుందాం. వారు ఆ తర్వాత మరో 8 నెలలు ఉండేవారైతే ఇంకో 17,600 పోతుంది. మొత్తం 36,600. ఇప్పుడు ఫ్రీజ్ ఇవ్వనన్నారనుకోండి. నలుగురు పూర్తిగా మానేస్తే, ఒక్కొక్కరి మీద పది నెలల ఫీజు చొప్పున 44,000 పోతుంది. ఫ్రీజే మేలు. మానేసేది ముగ్గురే అయితే పోయేది 33,000. అప్పుడు ఫ్రీజ్ ఇవ్వకపోవడమే మేలు. అంటే నిజంగా మానేసే స్థితిలో ఉన్నవారికి ఫ్రీజ్ ఇస్తే మీకు లాభం, వారం రోజులు బద్ధకించినవారికి ఇస్తే నష్టం. వారిని వేరుచేసే జల్లెడ ఆ 150. ఊరికే వస్తుందంటే రెండో రకం వాళ్లే ముందు అడుగుతారు. గాయం, అనారోగ్యం అయితే డాక్టరు చీటీ చూసి ఉచితంగా ఇవ్వండి, అక్కడ బేరం వద్దు.

ఈ జల్లెడ నిలవాలంటే ప్రవేశ రుసుము ఉండాలి. చాలామంది యజమానులు ఇక్కడే పొరపాటు చేస్తారు. పండగ ఆఫర్ పేరుతో ప్రవేశ రుసుము ఎత్తేస్తే, తెలివైన సభ్యుడు ఫ్రీజ్‌కు 300 ఎందుకు కడతాడు? మానేసి, రెండు నెలల తర్వాత ఉచితంగా మళ్లీ చేరతాడు. ఫ్రీజ్ ఖర్చు ఎప్పుడూ తిరిగి చేరే ఖర్చు కంటే తక్కువగా ఉండాలి. మీకు ఒక కొత్త సభ్యుడి మీద అయ్యేది 1,100 కాబట్టి ప్రవేశ రుసుమూ అంతే పెట్టండి. 1,500 అంటే గడప దగ్గరే కొందరు వెనుదిరుగుతారు. తగ్గించి తీరాలంటే ఏడాది ఒప్పందం రాసినవారికే తగ్గించండి, మధ్యలో మానేస్తే ఆ మొత్తం కట్టాలని అందులోనే రాయండి.

ఒప్పందంలో ఫ్రీజ్ గురించి ఇంకో మూడు మాటలు ఉండాలి. ఏడాదిలో రెండు నెలలకు మించకూడదు, ఒకసారి అడిగితే కనీసం ఒక నెల. ఆపిన నెలలు ఒప్పందం చివర కలవాలి. లేకపోతే మీ మూడు నెలల ఉచిత పథకంలో ఏడాది ఒప్పందం తొమ్మిది నెలల ఫీజుతోనే ముగుస్తుంది. గడిచిపోయిన నెలకు వెనక్కి వెళ్లి ఫ్రీజ్ ఇవ్వకూడదు. ‘పోయిన నెల నేను రాలేదు కదా’ అని అడిగేవారు తప్పకుండా ఉంటారు.

ఫ్రీజ్ ముగిసే తేదీకి వారం ముందు సభ్యుడికి ఫోను చేయండి. మరచిపోయిన మనిషి ఖాతాలోంచి హఠాత్తుగా 1,100 పోతే, ఆయన మీ దగ్గరికి రాడు, బ్యాంకుకు వెళ్లి చెల్లింపు ఆపించేస్తాడు. ఫ్రీజ్‌లోంచి తిరిగి రానివారిలో కొందరు నిజానికి ఇలా కోపంతో పోయినవాళ్లే.

8 అనేది సగటు మాత్రమే. ఫ్రీజ్‌లు గుంపుగా వస్తాయి, సెలవుల నెలలో 16 మంది కావచ్చు. అదనంగా ఆపిన 8 మంది వల్ల ఆ నెల 8,800 తగ్గి, ఫ్రీజ్ రుసుముగా 1,200 వస్తుంది. నికర లోటు 7,600. మొదటి నెలల్లో వచ్చే ప్రవేశ రుసుముల్లోంచి ఆ మొత్తానికి మూడు రెట్లు విడి ఖాతాలో పెట్టి, అద్దెకు ముట్టుకోకండి. ప్రతి నెల ఒకటో తేదీన మూడు అంకెలు రాసుకోండి: పేర్లు ఎన్ని, కట్టినవారు ఎందరు, ఆపినవారు ఎందరు. మీ ఖర్చు ప్రకారం రెండో అంకె 81 దాకా దిగినా గండం గట్టెక్కుతారు. 80కి దిగితే, సగటున వచ్చే 8 మంది ఫ్రీజ్ రుసుములు 1,200 కలిపినా 90,000 అందదు. అప్పుడు కొత్త ఆఫర్ ప్రకటించడం కంటే ముందు, ఆపినవారికి ఒక్కొక్కరికీ మీరే ఫోను చేయండి.