నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి ఎంత శాతం? ఒకరు 24 అంటారు, ఒకరు 26.8 అంటారు, ఏది కరెక్ట్?

రెండూ కరెక్టే. లక్షకి నెలకి రెండు వేలు, ఏ నెలకానెల చేతిలో పెట్టేస్తే ఏడాదికి 24 వేలు, అది బారువడ్డీ. కట్టకుండా వదిలేస్తే ఆ రెండు వేలు అసల్లో కలిపి వచ్చే నెల దాని మీద కూడా వడ్డీ వేస్తూ పోతే, అంటే 1.02 ని పన్నెండు సార్లు హెచ్చిస్తే, 26,824 అవుద్ది. అదే మీ 26.8.

కానీ మా ఊళ్లో నెలనెలా చక్రవడ్డీ వేసినోణ్ణి నేనైతే చూళ్లేదు. అసలు దెబ్బ ప్రోనోటు తిరగరాసేప్పుడు పడుద్ది.

మా నాన్న బోరు కోసం లక్ష తెచ్చారు (ఆ బోరు రెండో ఏడే ఎండిపోయింది, అది వేరే ఏడుపు). నోట్లో "నెల 1కి నూటికి రూ.2 వడ్డీ" అనే ఉంది, చక్రవడ్డీ అన్న మాటే లేదు. మిర్చి రేటు పడిపోయి మూడేళ్లు పైసా కట్టలేకపోయారు. ప్రోనోటుకి మూడేళ్లే గడువు కదా, అది దాటితే దావా నిలబడదు, అందుకని వారం ముందే అప్పిచ్చినాయన ఇంటికొచ్చి కాఫీ తాగి "నోటు మార్చేద్దాం బావా" అన్నాడు. వడ్డీ 72 వేలు కలిపి 1,72,000కి కొత్త నోటు. నేను పక్కనే ఉండి గొణిగితే నాన్న "అదే రెండు రూపాయలేగా రా" అన్నారు. రెండు రూపాయలే, కానీ ఇప్పుడు నెలకి 3,440, అంటే చేతికొచ్చిన లక్ష మీద చూస్తే దాదాపు మూడున్నర రూపాయలు! ఆరేళ్లు నిండేసరికి 2,95,840 అయింది. బారువడ్డీ అయితే 2,44,000తో పోయేది. ఒక్క సంతకానికి 51,840. అదే ఏటా తిరగరాసేవాళ్ల దగ్గరైతే 3,63,500 దాటుద్ది, అన్నిట్లోనూ రాసేది రెండు రూపాయలే.

అప్పుడు తెలీలేదు గానీ, గడువు లోపల ఎంతో కొంత కట్టి నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే చాలు, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు నోటు బతికే ఉంటది. కట్టింది ముందు వడ్డీలోకే పోద్ది, అయినా అసలు లక్షగానే ఉంటది. అప్పిచ్చినాయనకీ గడువు భయం ఉండదు, కొత్త నోటు అడగడానికి సాకూ ఉండదు. ఆ సంతకాన్ని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

ఇంకో మంట ఏంటంటే మనోళ్లు బ్యాంకు లెక్క ఏడాదికి, బయట లెక్క నెలకి అన్నది మర్చిపోతారు. 12 శాతం అంటే నూటికి రూపాయి వడ్డీ, అంతే. మా బాబాయి బ్యాంకులో బంగారం మీద 12 శాతం అనగానే "అమ్మో పన్నెండా" అని లేచొచ్చి, అదే బంగారం బజార్లో రెండు రూపాయలకి పెట్టాడు. ఇప్పటికీ నాతో వాదిస్తాడు, పన్నెండు కన్నా రెండు తక్కువ కాదంట్రా అని.