ఫ్రంట్ ఆఫీస్‌కు అడ్మిన్ అసిస్టెంట్ రెజ్యూమే: ఏం చూడాలి?

"మా క్లినిక్ ఫ్రంట్ ఆఫీస్ ఖాళీకి వచ్చిన రెజ్యూమేలో షెడ్యూలింగ్, ఎంఎస్ ఆఫీస్, కచ్చితత్వం అన్నీ ఉన్నాయి. నమ్మొచ్చా?"

స్కిల్స్ జాబితాను కాదు, పాత ఉద్యోగం కింద రాసిన పనులను నమ్మండి. జాబితా ఎవరైనా రాయగలరు, చేసిన పనికి మాత్రం వివరాలుంటాయి. "ముగ్గురు డాక్టర్లకు రోజుకు 60 అపాయింట్‌మెంట్లు ఔట్‌లుక్ క్యాలెండర్‌లో పెట్టి, ఎవరైనా రద్దు చేసుకుంటే ఆ స్లాట్ వెయిటింగ్ లిస్టులోని వారికి ఇచ్చాను" అని ఉంటే షెడ్యూలింగ్, సాఫ్ట్‌వేర్ రెండూ తెలుస్తాయి. కచ్చితత్వానికి రెజ్యూమేనే తొలి నమూనా: ఉద్యోగాల తేదీలు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయా, ఫోన్ నంబరులో పది అంకెలున్నాయా చూడండి.

ఎంఎస్ ఆఫీస్ అంటే ఎక్సెల్ వచ్చినట్టే అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. వర్డ్‌లో ఉత్తరాలు మాత్రమే టైప్ చేసినవారూ అదే రాస్తారు. ఇంటర్వ్యూలో ఒకే టైమ్‌కు ఇద్దరు పేషెంట్లు పడిన షీట్ ఇచ్చి సరిచేయమనండి.